ఇంటర్న్‌షిప్ ప్రతిపాదనలో ఏం రాయాలి?

ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటర్న్‌షిప్ ప్రతిపాదన పంపాలి. వ్యవధి, నైపుణ్యాలు, పర్యవేక్షణ గురించి ఏం రాయాలి?

ముందు పర్యవేక్షణ తేల్చండి. చిన్న కంపెనీలు వెనకాడేది అక్కడే. 60 మంది జాబితా పంపితే జవాబే రాదు. నలుగురితో మొదలుపెట్టండి. వాళ్లకి కంపెనీ నుంచి ఒక సీనియర్ డెవలపర్‌ని, వారానికి రెండు గంటలు అడగండి. హాజరు, డైరీ, మార్కుల కాగితాలు కాలేజీ గైడే చూసుకుంటారని స్పష్టంగా రాయండి.

వ్యవధి చివరి సెమిస్టర్‌లో 16 వారాలు, తేదీలతో సహా. మధ్యలో పరీక్షలుంటే ఆ రోజులు ముందే చెప్పాలి; లేకపోతే సరిగ్గా రిలీజ్ వారంలోనే పిల్లలు సెలవడుగుతారు.

"జావా వచ్చు" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. "స్ప్రింగ్ బూట్‌లో లాగిన్ ఉన్న చిన్న అప్లికేషన్ చేశారు, గిట్ వాడతారు" అని రాసి, కోడ్ లింకు జతచేయండి.