ఆ 88 ఎక్కడిదంటే

అబ్బయా,

ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు వారాలే అయింది. అప్పుడే "డాక్టరు నడకలో నాడి 88 దాటొద్దన్నాడు, వాచీ మాత్రం 120 దాకా పోవచ్చంటోంది పెదనాయనా" అని రాశావు. వాచీ మాట పక్కన పెట్టు. అది 220లోంచి నీ 46 ఏళ్లు తీసేసి, మిగిలిన 174లో దాదాపు డెబ్బై శాతం కట్టి చెబుతోంది. నీకు గుండెపోటు వచ్చిందనీ, రోజూ మెటోప్రొలాల్ మింగుతున్నావనీ దానికి తెలీదు. ఆ మాత్ర గుండెను పరుగెత్తనీయదు. దాన్ని మింగి కూడా 120కి చేరాలంటే గుండెను ఎంత తోలాలో ఆలోచించు.

88 ఎక్కడిదంటే, ఊరికే కూర్చున్నప్పుడు నీ నాడి 68. ట్రెడ్‌మిల్ పరీక్ష ఇంకా కాలేదు గనక డాక్టరు దానికి 20 కలిపాడు. మొదట్లో చాలామంది పట్టుకునే లెక్క ఇదే. గుండె తన కండకు కావలసిన రక్తాన్ని ఎక్కువగా తీసుకునేది రెండు దెబ్బల మధ్య సడలినప్పుడే. వేగం పెరిగితే ఆ సడలే సమయమే ఎక్కువ తరిగిపోతుంది. అంటే పని పెరిగిన వేళకే కూడు తగ్గుతుంది. పైగా దెబ్బతిన్న చోటు మానడానికి వారాలు పడుతుంది.

నొప్పి వస్తే ఆగుదాంలే అనుకోకు. నా ట్రెడ్‌మిల్ పరీక్షలో నాడి 118 దగ్గరే ఈసీజీ గీత కిందికి జారింది, గుండెకు రక్తం చాలడం లేదనడానికి గుర్తు అది. నాకేమీ తెలియలేదు, ఇంకాసేపు నడుస్తానన్నాను కూడా. డాక్టరు ఆపించి, ఆ 118కి పది తగ్గించి 108 నా హద్దు అని రాసిచ్చాడు. నీ పరీక్ష అయ్యాక నీ అంకె కూడా మారుతుంది, ఆయనే మారుస్తాడు.

వాచీ లేకపోయినా పర్లేదు. బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించు, బొటనవేలితో చూడకు. ఆగీ ఆగగానే పదిహేను సెకన్లు లెక్కపెట్టు. 22 వస్తే 88, నీ హద్దు అదే. నిమిషం ఆగి చూస్తే అంకె అప్పటికే పడిపోయి ఉంటుంది, నేను మొదటి నెలంతా అలాగే మోసపోయాను. దెబ్బలు తప్పుతూ వస్తుంటే నిండు నిమిషం లెక్కించి, డాక్టరుకి చెప్పు.

మాత్ర వల్ల అంకె తక్కువే చూపించొచ్చు. అందుకే ఊపిరి కూడా చూసుకో. నడుస్తూ మీ ఆవిడతో వాక్యం ఆపకుండా మాట్లాడగలగాలి. మధ్యలో ఊపిరి అందుకోవాల్సి వస్తే, నాడి 80 ఉన్నా సరే, నెమ్మదించు. మొదటి ఐదు నిమిషాలూ చివరి ఐదు నిమిషాలూ మెల్లగా నడువు, చటుక్కున ఆగితే కళ్లు తిరుగుతాయి. ఒంగోలు ఎండలో అదే నడకకు నాడి ఇంకా పెరుగుతుంది, తెల్లవారుజామునే కానిచ్చేయ్.

ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటతో కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే కూర్చో. నాలుక కింద పెట్టుకోమని డాక్టరు ఇచ్చిన మాత్ర జేబులో ఉండాలి. అది ఎలా వాడమన్నాడో అలాగే వాడు, తగ్గకపోతే 108కి ఫోన్ చేయించు. నడిచి ఇంటికి రావద్దు.

మీ పెదనాయన,
కావలి