తేదీ దాటిన అట్టపెట్టె గురించి చిన్నబాబుకు

సోంపేట

చిరంజీవి చిన్నబాబుకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, విజయనగరంలో మీ గది కింద కిరాణా దుకాణం మూసేస్తూ తేదీ దాటిన సరుకు ఒక అట్టపెట్టెడు మీ ముగ్గురికీ ఊరికే ఇచ్చారని, కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షల దాకా దానితోనే నెట్టుకొస్తామని నువ్వు అన్నావని చెప్పింది. ఇంటి నుంచి అదనంగా రూపాయి అడగకూడదని నువ్వు పడే పట్టుదల చూసి నాకు గర్వంగానే ఉంది. కానీ ఆ పెట్టెలో పాలపొడి కూడా ఉందని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా వసతిగృహంలో సరుకుల గది తాళాలు మొలకు కట్టుకుని తిరిగినదాన్ని కనుక, నా భయానికి కారణం ఏమిటో వివరంగా రాస్తున్నాను. ఫోనులో చెబితే నువ్వు 'సరే పెద్దమ్మా' అని పెట్టేస్తావు.

ముందుగా ఒక మాట. ఆ సరుకు మీరు వాడుకోవడం మీ ఇష్టం. అంతేగాని పక్క గదివాళ్లకో, మైదానం దగ్గర టీ కొట్టతనికో పావు ధరకు అమ్మే ఆలోచన పెట్టుకోకండి. తేదీ దాటిన తినుబండారాలు అమ్మడం చట్టప్రకారం నేరం.

ఇక తేదీ సంగతి. 'బెస్ట్ బిఫోర్' అని ఉంటే ఆ రోజు వరకు రుచి, వాసన తగ్గవని తయారుచేసినవారు ఇచ్చిన హామీ అనుకోవాలి. 'యూజ్ బై' అన్నది త్వరగా చెడే పదార్థాల విషయంలో గట్టి హెచ్చరిక. అయితే మన దగ్గర ఇప్పుడు పాల సంచి మొదలుకొని టీ పొడి దాకా అన్నిటి మీదా ఎక్స్‌పైరీ అనే ముద్రిస్తున్నారు కాబట్టి, ఆ మాట ఒక్కటి చూసి ఏమీ తేల్చుకోలేవు. లోపల ఉన్నది ఎలాంటి వస్తువో చూడాలి. క్రిములు పెరగాలంటే నీరు కావాలి. బాగా ఆరిన పొడిలో అవి చచ్చిపోకుండా ఉండవచ్చు గాని పెరగలేవు. అందుకే నీ పెట్టెలోని సరుకు చాలావరకు తేదీ దాటినా పనికివస్తుంది. ఇంకొకటి గుర్తుపెట్టుకో. ఆ తేదీ మూత తీయని డబ్బాకే వర్తిస్తుంది. తీసిన రోజు నుంచి లెక్క వేరు. ఆ లెక్క 'తెరిచిన తరువాత ఇన్ని వారాల్లో వాడండి' అని చిన్న అక్షరాలతో ఒక మూల ఉంటుంది.

టీ బ్యాగుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పెట్టె పొడిగా ఉంటే ఏడాది దాటినా తాగవచ్చు. చప్పగా ఉంటే కప్పుకు రెండు వేసుకో. కాగితం మీద బూజు చుక్కలు కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా పారెయ్యి. అగరొత్తుల పక్కన మాత్రం పెట్టకు, టీ ఆకు పక్కనున్న వాసననంతా పీల్చేస్తుంది.

కాఫీ పొడి కూడా అంతే. గాలి తగిలి దాని కమ్మదనం పోతుంది గాని, పొడిగా ఉన్నంతకాలం కడుపుకు చేటు చేయదు. చికోరీ కలిపిన ఫిల్టరు పొడి తేమను తొందరగా లాగి గడ్డకడుతుంది. గడ్డ చేతిలో నలిగి పొడైపోతూ, వాసన బాగుంటే వాడుకో. బంకలా సాగుతున్నా, బూజు కనిపించినా వద్దు.

ఇప్పుడు పాలపొడి దగ్గరికి వస్తాను. ఈ ఉత్తరమంతా దీని కోసమే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన ఉద్దానం మీద పడినప్పుడు నీకు ఊహ తెలుసు గాని, మీరు అప్పుడు విజయనగరంలో ఉన్నారు. మా పెరట్లో ఒక్క కొబ్బరిచెట్టు నిలబడలేదు. పెంకులు ఎగిరిపోయిన ఇళ్లవాళ్లు మా ఇంట్లో తలదాచుకున్నారు, పిల్లలతో కలిపి పద్నాలుగు మంది. కరెంటు లేదు, పాలు రావు. మా ఇంట్లో రెండు రకాల పాలపొడి ఉంది. ఒకటి వెన్న తీసిన పాలపొడి, సీలు తీయని డబ్బా, తేదీ దాటి మూడు నెలలైంది. రెండోది మామూలు పాలపొడి సంచి, తేదీకి ఇంకా నాలుగు నెలలుంది, కానీ శ్రావణమాసంలో తెరిచినది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తేదీ దాటిన ప్రతి డబ్బానూ రిజిస్టరులో ఎర్రసిరాతో కొట్టేసిన చెయ్యి కదా, సీలు డబ్బాను ఏమాత్రం ఆలోచించకుండా పెంటకుప్ప మీద వేయించాను. రెండో సంచిలో పొడి అక్కడక్కడ చెమ్మగిల్లి ఉండలు కట్టింది. తేదీ ఉంది కదా అన్న ధీమాతో ఆ ఉండలను చేత్తోనే చిదిపాను. ఆ ఉదయం పగిలిన పెంకు ఏరుతుంటే చూపుడువేలు తెగింది, దానికి చీర పేలిక చుట్టుకుని ఉన్నాను. అదే చెయ్యి.

అంతటితో ఆగినా బాగుండేది. తెల్లారి లేవగానే పిల్లలు పాలకు ఏడుస్తారని, ముందు రోజు రాత్రి తొమ్మిదింటికే నీళ్లు మరిగించి, చల్లార్చి, గిన్నెడు పాలు కలిపి మూతపెట్టి పడుకున్నాను. పొద్దున ఆరింటికి చూస్తే పాలు విరగలేదు, పులిసిన వాసనా లేదు. బాగా పొంగించి, పంచదార వేసి అందరికీ ఇచ్చాను. తొమ్మిది కాకముందే వాంతులు మొదలయ్యాయి. తాగిన పదకొండు మందిలో తొమ్మిది మంది పడిపోయారు. మా మరిదిగారి చిన్నపిల్ల కళ్లు తేలేసినప్పుడు నా కాళ్లలో సత్తువ పోయింది. బడిలో పెట్టిన వైద్య శిబిరానికి ఎత్తుకుపోయాం. ఉప్పు, పంచదార కలిపిన పొట్లాల నీళ్లు చెంచాలతో పట్టించి, సాయంత్రానికి దేవుడి దయవల్ల అందరినీ నిలబెట్టారు.

అక్కడి డాక్టరుగారు నా వేలి కట్టు చూసి, ఏం జరిగి ఉంటుందో చెప్పారు. పుండు మీద, చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ అనే క్రిమి పాలలో పడితే, వెచ్చగా ఉన్న చోట రాత్రంతా పెరిగి ఒక విషాన్ని వదులుతుందట. పొద్దున మరగబెడితే క్రిమి చస్తుంది గాని, అది వదిలిన విషం ఆ వేడికి చావదట. రుచిలోనూ వాసనలోనూ తేడా తెలియదట. తాగిన కొద్ది గంటల్లోనే వాంతులు రావడం దాని తీరేనని అన్నారు. అంటే నేను నమ్మినవన్నీ, తేదీ, మూత, పొంగించడం, ఒక్కటీ కాపాడలేదు. పెంటకుప్ప మీద వేయించిన ఆ డబ్బాలోని పొడిని శుభ్రమైన చెంచాతో తీసి, అప్పటికప్పుడు కలిపి ఇచ్చి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదని నా నమ్మకం. ఎనిమిది పదుల వయసున్న మా పక్కింటి మామ్మ ఆ రోజు డికాషనే చాలునని పాలు ముట్టుకోలేదు. ఆవిడ తాగిన టీ పొడి తేదీ దాటి రెండేళ్లయింది.

కాబట్టి నీ పాలపొడిని ఇలా చూసుకో. సీలు ఊడినా, చిల్లు పడినా, సంచి ఉబ్బినా తెరవకుండానే పారెయ్యి. బాగున్నదాని మీద కొవ్వు ఎంతో చదువు. మామూలు పాలపొడిలో వందకు 26 పాళ్లకు తక్కువ కాకుండా కొవ్వు ఉంటుంది, వెన్న తీసినదానిలో ఒకటిన్నర పాలుకు మించదు. పాలపొడిని ముందుగా చెడగొట్టేది ఆ కొవ్వుకు తగిలే గాలే కనుక, వెన్న తీసినది తేదీ దాటాక కూడా చాలాకాలం నిలుస్తుంది, మామూలుది అంత నిలవదు. తెరిచి వాసన చూడు. నిలవ నూనెలో వేయించిన అప్పడం వాసన వస్తే కొవ్వు చెడిందన్నమాట. రంగు తెల్లని మీగడలా ఉండాలి. గోధుమరంగుకు తిరిగితే పాలలోని చక్కెర, మాంసకృత్తులు ఒకదానితో ఒకటి కలిసిపోయి బలం తగ్గిందని అర్థం. ఆ పైన 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో 25 గ్రాముల పొడి కలిపి ఐదు నిమిషాలు ఆగు. అడుగున ఇసుకలా మిగిలితే అది పాతబడింది, తాగడానికి బాగుండదు. ఇవన్నీ దాటితే ఒక గుక్క రుచి చూసి, అప్పుడు వాడు. కలిపిన పాలను మాత్రం పచ్చిపాలతో సమానంగా చూడు. ఎంత తాగుతావో అంతే, అప్పుడే.

ఆ పెట్టెలో పసిపిల్లల పాలడబ్బా కూడా ఒకటి ఉందని, అక్క కొడుక్కి పనికొస్తుందని నువ్వు పక్కన పెట్టావని మీ అమ్మ అంది. అది వద్దు నాయనా, సీలు చెక్కుచెదరకపోయినా వద్దు. ఆరు నెలలు నిండని బిడ్డకు అదే అన్నం, అదే కూర. అందులో ఉండవలసిన విటమిన్లు ఉంటాయన్న హామీ ఆ తేదీ వరకే. నీకు ఒక పోషకం తగ్గితే మధ్యాహ్నం పప్పన్నంలో పూడుతుంది, వాడికి పూడదు. పొడిని కాలువలో కలిపి, ఎవరూ ఏరుకోకుండా డబ్బా నొక్కి పారెయ్యి.

ప్రొటీన్ పొడి మీద నీకున్న మోజు నాకు నవ్వు తెప్పిస్తుంది. వీరఘట్టం కోడి రామమూర్తి గారు ఏ డబ్బా తిని ఏనుగును మోశారో నాకు తెలియదు. అయినా నీ డబ్బా తీసిపారేయవలసినది కాదు. పాల విరుగుడు నీటి నుంచి తీసిన పొడే అది. పాలపొడికి చెప్పిన ముక్కు పరీక్షే దీనికీ చాలు. తేదీ దాటాక బలం కాస్త తగ్గవచ్చు గాని, పొడిగా ఉంటే విషమైపోదు. మూత కింద రేకు సీలు అతికినట్టే ఉందా, తేదీ మీద ఎవరైనా గీకి కొత్త అంకె వేశారా అన్నది వెలుతురులో చూడు.

నన్ను భయపెట్టినది ఆ పొడి కాదు. నువ్వు తెల్లవారుజామున నాలుగున్నరకే షేకర్ సీసాలో పాలపొడి, ప్రొటీన్ పొడి కలిపేసి, సంచిలో వేసుకుని మైదానానికి పోయి, పరుగు అయ్యాక ఎనిమిదింటికి తాగుతున్నావట. మూడున్నర గంటలు, అదీ ఎండాకాలంలో! నా గిన్నెకూ నీ సీసాకూ ఏమిటిరా తేడా? పొడిని ఆరిన సీసాలో పొడిగానే తీసుకువెళ్లు, నీళ్లు వేరే సీసాలో పట్టుకెళ్లు, పరుగు ముగిశాక కలుపుకో. తాగిన వెంటనే సీసాను మూత మరలతో సహా కడుగు. మూత సందులో మిగిలిన చుక్క మర్నాటికి కంపు కొడుతుంది, ఆ కంపును ప్రొటీన్ వాసన అనుకునే తెలివితేటలు మీ ముగ్గురికీ ఉన్నాయని నాకు తెలుసు.

వచ్చే ఆదివారం రైలుకు నాలుగు స్టీలు డబ్బాలు తెస్తున్నాను, మూతకు రబ్బరు పట్టీ ఉన్నవి. సంచిలోని పొడినంతా ఒక్క దానిలో పోయకండి, వారానికి సరిపడా చిన్నదానిలో, మిగతాది పెద్దదానిలో గట్టిగా మూసి ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తుంటే చెమ్మ పడుతుంది, బయటే ఉండనివ్వండి. చెంచా ఆరినదై ఉండాలి, పొగలు వచ్చే గ్లాసు మీద డబ్బా వంచకూడదు. డబ్బాలు నేను కడిగే తెస్తాను, అయినా నేను వచ్చేలోగా వాటిని బోర్లించడానికి మీ మేడ మీద ఎండ తగిలే చోటు ఒకటి ఊడ్చి ఉంచు.

మీ పెద్దమ్మ