బొప్పాయి మాగకపోవడం రోగం కాదు, ముందుగా కోయడమే కారణం

ప్రశ్న: సార్, ఎకరంన్నరలో రెడ్ లేడీ బొప్పాయి వేశాను. రోడ్డు పక్కన సొంతంగా అమ్ముకుందామని, కాయ సైజుకు రాగానే నలభై పచ్చికాయలు కోసి, ఫోన్‌లో వీడియో చూసి కాగితం సంచుల్లో పెట్టాను. వీడియోలో అవకాడో నాలుగు రోజుల్లో మెత్తబడింది. నావి తొమ్మిది రోజులైనా మాగలేదు, కొన్ని ముడతలు పడ్డాయి. బోరాన్ లోపమని షాపులో మందు ఇచ్చి కొట్టమన్నారు. మాగడానికని బూడిద రంగు పలుకులు పొట్లం కట్టి ఇచ్చారు, వెల్లుల్లి వాసన వస్తోంది. కాయ కోసిన ఫోటో పంపుతున్నా. ఏం చేయాలి?
– ఒక రైతు, మైదుకూరు మండలం, కడప జిల్లా

జవాబు: ముందు ఆ బోరాన్ మందు పక్కన పెట్టండి. బోరాన్ లోపముంటే కాయ పైన గడ్డలు గడ్డలుగా లేచి, ఆకారం వంకర పోతుంది, చెట్టు మీదే కాయల నుంచి పాలు కారుతుంటాయి. మీ ఫోటోలో కాయ నున్నగా, చక్కగా ఉంది. తప్పు కాయ లోపల కనిపిస్తోంది. గింజలు తెల్లగా ఉన్నాయి, కండ కూడా తెల్లగానే ఉంది. అంటే మీరు పక్వానికి రాని కాయ కోశారు. సైజు చూసి కోయడమే పొరపాటు. బొప్పాయి కాయ సైజు ముందే వచ్చేస్తుంది, పక్వం ఆ తర్వాత వస్తుంది. పూత నుంచి కోతకు మామూలుగా నాలుగున్నర నుంచి ఐదు నెలలు పడుతుంది.

వీడియో చూసి మోసపోవడానికి కారణం ఇదే. అవకాడో చెట్టు మీద మెత్తబడదు. ముదిరిన కాయను గట్టిగా ఉండగానే కోసి, ఇంట్లో మాగబెట్టుకోవాలి. బొప్పాయి అలా కాదు. అరటికాయ తన పిండిని చక్కెరగా మార్చుకుంటుంది కాబట్టి పచ్చిగా కోసినా తీపి వస్తుంది. బొప్పాయిలో అలా దాచుకున్న పిండి దాదాపు లేదు. దాని తీపి అంతా ఆకుల నుంచి, చెట్టు మీద ఉండగా, చివరి రోజుల్లో చేరుతుంది. కోశాక రంగు మారుతుంది, మెత్తబడుతుంది, వాసన వస్తుంది. తీపి మాత్రం కోసిన రోజు ఎంత ఉందో దాదాపు అంతే. కాగితం సంచి లేని తీపిని తేలేదు.

ఇక ఎప్పుడు కోయాలి? కాయ కింది కొసన, అంటే పూత రాలిన వైపు, ఒక పసుపు చార కనిపించాలి. ఉదయం పూట, ఎండ పడకముందు, ప్రతి చెట్టు కింద నిలబడి కాయల కింది కొసలు చూడండి. చార కనపడకపోయినా అనుమానముంటే, చెట్టుకు ఒక్క కాయను మాత్రం సన్న గుండుసూదితో గుచ్చి చూడండి. పాలు చిక్కగా, తెల్లగా వచ్చి కారితే ఇంకా ఆగండి. నీళ్లలా పలచగా వస్తే పక్వానికి దగ్గరపడిందని అర్థం. రోజూ ఉదయమే చూడాలి. మధ్యాహ్నం పాలు తక్కువగా కారతాయి, అది చూసి కాయ పక్వమైందని పొరబడతారు. అన్ని కాయలనూ గుచ్చితే మచ్చతెగులుకు దారి తీస్తుంది, అలా చేయకండి. ఒకసారి ఒక కాయ కోసి గింజలూ చూడండి. నల్లబడితేనే ఆ చెట్టు మీద అదే వయసు కాయలు కోతకు వచ్చినట్టు.

చార పడ్డ కాయను తొడిమ సెంటీమీటరు ఉంచి కోసి, పాలు కారి ఆరేదాకా తొడిమ కిందికి పెట్టండి. పాలు తొక్క మీద పడితే మచ్చ పడుతుంది. ఆరాక ఒక ఖాకీ కాగితం సంచిలో ఒకటి లేదా రెండు కాయలు, వాటితో పాటు బాగా పండిన ఒక అరటిపండు పెట్టి, మూతిని రెండు మడతలు వేయండి. పండే పండు ఎథిలిన్ అనే వాయువు వదులుతుంది. సంచి దాన్ని లోపల నిలుపుతుంది. కాగితం కాబట్టి చెమ్మ బయటికి పోతుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాయకు చెమ్మపట్టి, తొడిమ దగ్గర బూజు కడుతుంది. రోజుకోసారి సంచి తెరిచి, కాయ చూసి, మళ్లీ మడవండి.

మీ దగ్గర ఇంకో అడ్డు వేడి. సంచులు రేకుల గదిలో పెట్టి ఉంటే, మే నెలలో ఆ గది మధ్యాహ్నం నలభై దాటుతుంది. 32 డిగ్రీలు దాటిన చోట బొప్పాయి సరిగా మాగదు, కండ రబ్బరులా సాగుతుంది. 22 నుంచి 28 డిగ్రీలు ఉండే చల్లటి గది, పెంకుటిల్లు అయితే ఇంకా మంచిది, కిటికీకి తడి గోనె కట్టండి, తడి మాత్రం కాయలకు తగలకూడదు. ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు. 10 డిగ్రీల కిందికి పోతే పచ్చికాయ దెబ్బతిని, బయటికి తీసినా మాగదు. మాగాక రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు.

చార పడ్డ కాయ ఇలా పెడితే నాలుగు నుంచి ఆరు రోజులు, పావు వంతు పసుపు ఎక్కిన కాయ రెండు మూడు రోజులు పడుతుంది. తయారైందని ఎలా తెలుస్తుంది? బొప్పాయి కింది కొస నుంచి పైకి పండుతుంది. కాబట్టి కింద నొక్కి చూస్తే మెత్తగా తగిలి మోసం చేస్తుంది. తొడిమ పక్కన, మెడ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కండి. కొద్దిగా లోపలికి పోయి తిరిగి లేస్తే పండు తయారు. తొక్క మూడు వంతులు పసుపు ఎక్కి, తొడిమ దగ్గర తియ్యటి వాసన వస్తే ఇక ఆగక్కర్లేదు. వేలి గుర్తు అలాగే ఉండిపోతే గడువు దాటింది.

ఆ పలుకుల పొట్లం గురించి కచ్చితంగా చెబుతున్నాను, మీరు రాసిన రంగు, వాసన చూస్తే అది కాల్షియం కార్బైడ్. పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడకూడదని 2011 ఆహార భద్రతా నిబంధనల్లోనే నిషేధం ఉంది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి, తేమ తగిలితే మండే వాయువు వస్తుంది. అమ్మేవాడు ఆ పొట్లం మీకిచ్చి, పండు తినే పిల్లవాడి గురించి ఒక్క మాట కూడా చెప్పి ఉండడు. దానితో మాగబెట్టిన పండు పైకి మొత్తం ఒకేలా పసుపుగా, కోస్తే గట్టిగా, చప్పగా ఉంటుంది. మీ దగ్గర ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ రారు. తడి తగలనివ్వకుండా, పొయ్యికి దూరంగా ఉంచి, ఇచ్చిన షాపుకే తిరిగి ఇచ్చేయండి. టన్నుల్లో మాగబెట్టాల్సి వస్తే ఎథిలిన్ వాయువు గదులున్నాయి, 100 పీపీఎం వరకు నిబంధనలు అనుమతిస్తాయి. మీ అమ్మకానికి కాగితం సంచి చాలు.

కోసేసిన నలభై కాయల కోసం ఇక ఎదురు చూడకండి. గట్టిగా ఉన్నవాటిని కూరకాయగా ఈ రెండు రోజుల్లో అమ్మేయండి, దగ్గర్లో టూటీ ఫ్రూటీ తయారీదారులుంటే వాళ్లకు పచ్చికాయే కావాలి. ముడతలు పడ్డవి పశువులకు కొద్దికొద్దిగా, ముక్కలు చేసి వేయండి. చెట్టు మీద ఉన్న మిగతా కాయలను మాత్రం పసుపు చార చూసేదాకా ముట్టుకోకండి.