డాక్టర్ మూడు వారాలు రెస్ట్ అన్నారు, మేనేజర్‌కి ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్‌గా చేస్తున్నాను. కొన్ని నెలలుగా సరిగ్గా నిద్ర లేదు, ల్యాప్‌టాప్ తెరవాలంటేనే గుండె దడ. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే డిప్రెషన్, యాంగ్జైటీ అన్నారు. మందులు మొదలుపెట్టి, మూడు వారాలు రెస్ట్ తీసుకోమన్నారు. మా మేనేజర్ మంచివాడే. కానీ విషయం అందరికీ తెలిసిపోతుందేమో, అప్రైజల్ మీద పడుతుందేమో అని టెన్షన్. ఆయనకి ఏం చెప్పాలి?

జవాబు:

ఆరోగ్య కారణంతో డాక్టర్ సెలవు తీసుకోమన్నారని, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకని, ఆ రోజుల్లో మీ పని ఎవరు చూస్తారని చెప్పండి. అంతే చాలు. జబ్బు పేరు, మందుల పేర్లు, మీరు చూపించుకున్నది ఏ డాక్టర్‌కి అన్నవి సెలవు మంజూరు చేయడానికి ఆయనకి అవసరం లేదు. కొన్నేళ్ల క్రితం నేను ఇలాంటి కారణానికే సెలవు తీసుకున్నాను. తర్వాత టీమ్ లీడ్‌గా ఇతరుల సెలవులు మంజూరు చేసే పని కూడా చేశాను. ఆ కుర్చీలో కూర్చుంటే తెలిసింది ఒక్కటే: మేనేజర్ బుర్రలో తిరిగేది మీ జబ్బు కాదు, రిలీజ్ తేదీ. ఆ భాగానికి మీరు ముందే జవాబు ఇచ్చేస్తే మిగతా ప్రశ్నలు చాలావరకు రావు.

మేనేజర్‌తో మాట్లాడే ముందు సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. నేను డాక్టర్ గారిని సూటిగా అడిగాను, "ఆఫీసులో ఇవ్వాలి, జబ్బు పేరు లేకుండా రాయగలరా?" అని. ఆయనకి ఆ ప్రశ్న కొత్త కాదు. నా చికిత్సలో ఉన్నారు, వైద్య కారణాల వల్ల ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు విశ్రాంతి అవసరం అని రాసి, సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్, ముద్ర వేసి ఇచ్చారు. ఇక్కడ చాలామంది గమనించనిది లెటర్‌హెడ్. కాగితం మీద పైనే "సైకియాట్రీ విభాగం" అనో, డాక్టర్ పేరు కింద ఆ డిగ్రీయో అచ్చయి ఉంటే లోపల ఎంత జాగ్రత్తగా రాసినా ప్రయోజనం లేదు. ఆసుపత్రి పేరు మాత్రమే ఉండే సాధారణ లెటర్‌హెడ్ ఉందేమో అడగండి. సొంత క్లినిక్ అయితే అది కుదరకపోవచ్చు. అప్పుడు ఆ కాగితాన్ని మేనేజర్‌కి కాకుండా నేరుగా హెచ్‌ఆర్‌కి పంపడమే మార్గం. కౌన్సెలర్ రాసిచ్చే లెటర్‌ని సిక్ లీవ్‌కి చాలా కంపెనీలు ఒప్పుకోవు, రిజిస్టర్డ్ డాక్టర్ సంతకమే అడుగుతాయి. మీకు సైకియాట్రిస్టే చెప్పారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

చట్టం గురించి కూడా ఒక మాట. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత మీకు చికిత్స చేసేవాళ్ల మీద ఉంది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప వాళ్లు బయటపెట్టకూడదు. కానీ ఆ సెక్షన్ కట్టడి చేసేది వైద్యం చేసేవాళ్లని. మీరే మీ నోటితో మేనేజర్‌కి చెప్పిన మాటని ఆయన టీ దగ్గర ఇంకొకరితో అంటే, ఈ సెక్షన్ చూపించి ఆపలేరు. ఎంత మంచివాడైనా సరే, తక్కువ చెప్పమని నేను అనేది అందుకే. ఆయన మీద అపనమ్మకం ఉండక్కర్లేదు. చెప్పిన మాటని వెనక్కి తీసుకోలేం, చెప్పనిదాన్ని తర్వాత ఎప్పుడైనా చెప్పుకోవచ్చు.

సెలవు లెక్క కూడా ముందే వేసుకోండి. మూడు వారాలంటే సోమ నుంచి శుక్ర వరకు 15 పనిరోజులు. తెలంగాణ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 1988 ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో సిక్ లీవ్ ఇస్తుంది. కంపెనీ పాలసీ ఇంకా ఎక్కువే ఇవ్వొచ్చు. ఏమీ వాడుకోకపోతే 12 సిక్ లీవ్, 3 ఎర్న్‌డ్ లీవ్‌తో సరిపోతుంది. మీ కంపెనీలో శాండ్‌విచ్ రూల్ ఉంటే మాత్రం మధ్యలో వచ్చే శని ఆదివారాలూ సెలవులోకే వస్తాయి, అప్పుడు రెండు వీకెండ్లకి ఇంకో 4 రోజులు పోతాయి. ఇది హెచ్‌ఆర్ పోర్టల్‌లో పాలసీ డాక్యుమెంట్ చదివితే తెలుస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. ఈ గొడవంతా ఎందుకు, మొత్తం ఎర్న్‌డ్ లీవ్‌గా పెట్టి ఊరెళ్తున్నానని చెబుదామని అనిపిస్తుంది. నా సలహా వద్దనే. ఊళ్లో ఉన్నవాళ్లకి "ఒక్క అరగంట కాల్‌లోకి రాగలవా" అని ఫోన్ వస్తుంది. మెడికల్ లీవ్‌లో ఉన్నవాళ్లకి అలా చేయడానికి జంకుతారు. పైగా మూడు వారాల తర్వాత డాక్టర్ ఇంకొన్ని రోజులు పొడిగిస్తే, మొదటి సెలవు మెడికల్‌గా ఉన్నప్పుడే రెండోది సాఫీగా నడుస్తుంది. పొడిగింపు అరుదేం కాదు. డిప్రెషన్‌కి ఇచ్చే మందులు చాలావరకు పని మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది.

డెంగ్యూ అనో, జాండిస్ అనో చెప్పేయమని ఫ్రెండ్స్ అంటారు. మన ఊళ్లో డెంగ్యూ అనగానే మర్నాటి నుంచి ప్లేట్‌లెట్స్ ఎంత అని అడుగుతారు, ఇంటికి బొప్పాయి ఆకుల రసం పంపిస్తారు. సర్టిఫికెట్‌లో ఆ మాట ఉండదు, ఏ మంచి డాక్టరూ రాయడు. ఉన్నది తక్కువగా చెప్పడం వేరు, లేనిది చెప్పడం వేరు. మొదటిది చివరిదాకా నిలబెట్టుకోగలం. రెండోది బయటపడితే అప్రైజల్‌కి నిజంగానే దెబ్బ.

ఇక మాటలు. నేను ముందు ఐదు నిమిషాలు విడిగా మాట్లాడి, వెంటనే మెయిల్ పెట్టాను. ముందు మెయిల్ పెడితే కంగారుపడి ఫోన్ చేస్తారు, అప్పుడు మనం సిద్ధంగా ఉండం. మెయిల్ సారం దాదాపు ఇది:

"ఒక ఆరోగ్య సమస్యకి చికిత్స తీసుకుంటున్నాను. ఫలానా సోమవారం నుంచి మూడు వారాలు పూర్తి విశ్రాంతి తీసుకోవాలని డాక్టర్ సూచించారు. మెడికల్ సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కి పంపాను. నా దగ్గరున్న టికెట్ల పరిస్థితి, ఆన్‌కాల్ మార్పు కింద రాశాను. ఈ మూడు వారాలు మెయిల్, చాట్ చూడలేను. నాకు మాత్రమే తెలిసిన విషయం ఏదైనా అత్యవసరంగా కావాలంటే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి, కుదిరినప్పుడు జవాబిస్తాను."

కష్టమంతా మాట్లాడేటప్పుడు వచ్చే రెండో ప్రశ్నలో ఉంది. "అయ్యో, ఏమైంది?" అని నిజమైన ఆప్యాయతతోనే అడుగుతారు. మనవాళ్లకి ఆరోగ్యం బాలేదంటే వివరం అడగడమే మర్యాద. ఆ క్షణంలో మనసు కరిగి అంతా చెప్పేస్తాం. నేను ఒక వాక్యం ముందే సిద్ధం చేసుకుని వెళ్లాను: "ట్రీట్‌మెంట్ మొదలైంది, డాక్టర్ గారు చూసుకుంటున్నారు. వివరాలు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకుంటాను, ఏమీ అనుకోకండి. హ్యాండోవర్ ఒకసారి చూద్దామా?" చివరి ముక్క ముఖ్యం. సంభాషణ ఆయనకి అవసరమైన చోటికి వెళ్లిపోతుంది. ఆయన మళ్లీ "సీరియస్ ఏమీ కాదు కదా?" అన్నారు. "తగ్గే సమస్యే అన్నారు, టైమ్ పడుతుంది" అన్నాను. అది నిజం, అంతకంటే ఎక్కువ కాదు. "స్ట్రెస్సా?" అని నేరుగా అడిగితే అవునని గానీ కాదని గానీ అనక్కర్లేదు, పై వాక్యమే మళ్లీ చెప్పొచ్చు. రెండోసారి విన్నాక ఎవరైనా ఆపేస్తారు.

ఒక్క చోట కొంచెం ఎక్కువ చెప్పడం మంచిది. ఈ కొన్ని నెలల్లో మీ డెడ్‌లైన్లు తప్పి ఉంటే, స్టాండప్‌లో మీరు మౌనంగా ఉండటం ఆయన గమనించి ఉంటే, ఆయన దాన్ని నిర్లక్ష్యం కింద లెక్కేసుకుని ఉండొచ్చు. అప్పుడు మెయిల్‌లో ఇంకో వాక్యం కలపండి: "గత కొన్ని వారాలుగా నా పని వేగం తగ్గింది, దానికి ఈ ఆరోగ్య సమస్యే కారణం." జబ్బు పేరు ఇక్కడా అక్కర్లేదు. కానీ సెలవుకి ముందే తేదీతో సహా అది రాతలో ఉండటం అప్రైజల్ సమయంలో పనికొస్తుంది. రేటింగ్ ఇచ్చాక చెబితే సాకులా వినిపిస్తుంది.

హ్యాండోవర్‌కి రెండు గంటలు మించి పెట్టకండి. తెరిచి ఉన్న పుల్ రిక్వెస్ట్‌లు ఎవరు రివ్యూ చేయాలి, మధ్యలో ఆగిన టికెట్ ఎక్కడ ఆగింది, ఆన్‌కాల్ వంతు ఎవరికి మారింది, ఏ డ్యాష్‌బోర్డ్ యాక్సెస్ మీ ఒక్కరికే ఉంది అన్నవి ఒకే పేజీలో రాస్తే చాలు. అసలు ఆ ఓపిక కూడా లేకపోతే, చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే, హ్యాండోవర్ వదిలేయండి. ఇంట్లో ఒకరితో చెప్పి ఇవాళే డాక్టర్‌ని కలవండి. టెలి మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మేనేజర్‌కి ఇంట్లోవాళ్లు ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది.

విషయం బయటికి పొక్కేది ఎక్కువగా నోటితో కాదు, స్క్రీన్ల మీద. క్యాలెండర్‌లో అపాయింట్‌మెంట్‌కి డాక్టర్ పేరో, "థెరపీ" అనో పెడితే టీమ్‌కంతా కనిపించొచ్చు. ఆ ఎంట్రీని ప్రైవేట్ చేయండి, లేదా "బిజీ" అని మాత్రమే పెట్టండి. లీవ్ పోర్టల్‌లో కారణం అడిగే గడిలో "మెడికల్" అన్న ఒక్క మాట రాయండి. మేనేజర్ లేనప్పుడు దాన్ని ఇంకొకరు మంజూరు చేస్తారు, వాళ్లకీ అది కనిపిస్తుంది. ఆటో రిప్లైలో "సెలవులో ఉన్నాను" చాలు. ఇన్సూరెన్స్ వాడుకునేట్టయితే క్లెయిమ్‌లు చూసే టీపీఏ సంస్థ దగ్గర మీ సొంత మెయిల్, సొంత నంబర్ ఇవ్వండి. మానసిక జబ్బులకీ శారీరక జబ్బులతో సమానంగా బీమా కల్పించాలని అదే 2017 చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. అయితే చాలా గ్రూప్ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి, ఓపీ ఫీజులు రావు. ఆఫీసు ఉచిత కౌన్సెలింగ్ నంబర్ ఇస్తే, అది బయటి సంస్థ నడుపుతుందో లేదో, మీ పేరు కంపెనీకి వెళ్తుందో లేదో మొదటి ఫోన్‌లోనే అడిగేయండి.

తిరిగి వచ్చేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడగొచ్చు, అదీ జబ్బు పేరు లేకుండానే రాయించుకోండి. కొన్ని మందులకి పొద్దున మత్తుగా ఉంటుంది, రాత్రి నిద్ర చెడితే మళ్లీ మొదటికి వస్తుంది. నేను ఆ కారణం చెప్పలేదు, దాని వల్ల కావాల్సింది మాత్రం చెప్పాను: "డాక్టర్ సలహా మీద రెండు నెలలు రాత్రి ఆన్‌కాల్ వద్దు, పొద్దున పదిన్నర తర్వాత మీటింగ్‌లు పెట్టండి." సర్టిఫికెట్‌లో డాక్టర్ గారు ఒక వరుస రాశారు కాబట్టి హెచ్‌ఆర్ అభ్యంతరం పెట్టలేదు. బదులుగా పగటి ఆన్‌కాల్ వంతులు కొన్ని నేను ఎక్కువ తీసుకున్నాను, టీమ్‌లో ఎవరూ గొణగలేదు. ఆ ఏర్పాటుకి ముగింపు తేదీ మీరే పెట్టండి. తేదీ లేకుండా అడిగితే మేనేజర్ వెనకాడతారు. అవసరమైతే ఆ తేదీకి వారం ముందు డాక్టర్‌ని అడిగి పొడిగించుకోవచ్చు.