టీచర్ ఐడెంటిటీ పుస్తకానికి సమీక్ష: సారాంశం సరిపోతుందా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో టీచర్ని. టీచర్ ఐడెంటిటీపై వచ్చిన కొత్త పుస్తకానికి విద్యా పత్రికకు సమీక్ష రాయాలి. అధ్యాయాల సారాంశం ఇస్తే చాలదా?

చాలదండి, రచయిత ఏ ఆధారంతో ఏం తేల్చారో, అది ఎంతవరకు నిలుస్తుందో తూచి చెప్పాలి. ఇలాంటి పుస్తకాలు చాలావరకు కొద్దిమంది టీచర్లతో తీరిగ్గా మాట్లాడి రాసినవి. టీచర్ తన గురించి చెప్పుకునేది ఒకటి, క్లాసులో చేసేది ఇంకొకటి కావచ్చు. అందుకే రచయిత క్లాసులో కూర్చుని చూశారా లేదా అన్నది ముందు వెతకండి.

టీచర్ ఐడెంటిటీ, అంటే గుర్తింపు, సబ్జెక్టు నుంచే వస్తుందని పుస్తకం అంటోందనుకోండి. అందులోని వాళ్లంతా ఒకే భాష నడిచే నగర బడుల టీచర్లు. మీ దగ్గర లెక్కల మాస్టారు భిన్నాలు ఒడియాలో చెప్పి, వెనక బెంచీ పిల్లాడు బిక్కమొహం వేస్తే "సగం రొట్టెరా" అని తెలుగులోకి దిగుతారు. ఆ నిమిషంలో ఆయన లెక్కల మాస్టారా, తెలుగాయనా? ఆ సిద్ధాంతం దీనికి జవాబు చెప్పలేకపోతోందని చూపిస్తే విమర్శ. మా ఊరి ప్రస్తావన లేదంటే వట్టి ఫిర్యాదు.

చాలామంది ఐడెంటిటీ అంటే హోదా, డ్యూటీలు అనుకుంటారు. అవి పాత్ర మాత్రమే. తాను ఎలాంటి టీచర్నని అనుకుంటారో, జనం ఎలా చూస్తారో, ఆ రెండింటి మధ్య మారుతూ ఉండేది గుర్తింపు.