పదిహేడేళ్ల కుర్రాడు, పాలిష్ మెషిన్

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మావాడు టెన్త్ అయ్యాక గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో చేరాడు. నెలకు 12,000 జీతం. పంతొమ్మిది నెలల కిందట మెషిన్‌లో చెయ్యి పడి రెండు వేళ్లు పోయాయి. అప్పటికి వాడికి పదిహేడు. ఆధార్‌లో మాత్రం పద్దెనిమిది నిండినట్టుంది. గ్లౌజులు ఇచ్చాం, వాడే అజాగ్రత్తగా ఉన్నాడంటాడు ఓనరు. 80,000 ఇస్తా, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టమంటున్నాడు. కేసు పెడితే పనికి పంపినందుకు నన్నే లోపలేస్తారట. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు టెన్త్ సర్టిఫికెట్ బయటికి తీయండి. దాని మీద పుట్టిన తేదీ ఏముందన్నదే ఓనరు వాదనను తేల్చేస్తుంది. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్‌కే విలువని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులోనే చెప్పింది.

వయసు పద్దెనిమిదిలోపు అని తేలితే గ్లౌజుల మాట ఎత్తడానికే వీల్లేదు. రాయి కొయ్యడం, చీల్చడం, పాలిష్ పట్టడం బాల, కిశోర కార్మికుల చట్టం షెడ్యూల్‌లో ప్రమాదకర పనులు. జాగ్రత్తలు తీసుకున్నా సరే, ఆ వయసు వాళ్లను అందులో పెట్టకూడదు. దానికి కారణముంది. పెద్దవాళ్ల కొలతకు కుట్టిన గ్లౌజు కుర్రాడి చేతికి వదులవుతుంది. వేలి కొసన మిగిలిన గుడ్డనే తిరిగే చక్రం లాగేస్తుంది. గ్రానైట్ దుమ్ములోని సిలికా ఇంకా ఎదుగుతున్న ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, పైగా పనిలో గడపాల్సిన ఏళ్లు పెద్దవాళ్లకంటే ఎక్కువ. ఎదురుగా ఏది ముంచుకొస్తుందో పసిగట్టే అనుభవమూ తక్కువే. అందుకే పెద్దవాళ్లకు సరిపోయిన జాగ్రత్తల జాబితా చూపించి తప్పించుకోలేరు.

స్టాంపు పేపరు మీద సంతకం మాత్రం పెట్టకండి. పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు రాసిన ఒప్పందం చెల్లదు. కానీ ఆ కాగితం చూపించి ఏళ్లు నడిపిస్తారు. లెక్క చూడండి: 12,000లో 60 శాతం 7,200. పదిహేడేళ్ల వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 227.49తో దాన్ని గుణించి, ఒక చేతి రెండు వేళ్లు పోయినందుకు సంపాదన నష్టం 20 శాతం పట్టుకుంటే దాదాపు 3,27,000 వస్తుంది. ఆలస్యానికి వడ్డీ అదనం. ఆయన ఇస్తానంటున్నది అందులో నాలుగో వంతు కూడా కాదు.

పంతొమ్మిది నెలలు చేతులు కట్టుకుని కూర్చోవడం మాత్రం మీ తప్పే. క్లెయిమ్‌కు గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. మిగిలింది ఐదు నెలలు. ఈలోగా ఆసుపత్రి డిశ్చార్జ్ షీట్‌లో ప్రమాదం ఎలా జరిగిందని రాశారో చూడండి. 'ఇంట్లో దెబ్బ' అని ఉంటే వెంటనే నాకు చెప్పండి. జీతం ఫోన్‌లో వేసి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి, పక్క మెషిన్ మీద చేసిన వాళ్లలో ఇద్దరిని ముందుగానే మాట్లాడి పెట్టుకోండి. పని చేశాడనే రుజువు లేకపోతే వయసు రుజువు ఒక్కటీ పరిహారం తెచ్చిపెట్టదు.

ఫ్యాక్టరీ ఈఎస్ఐ పరిధిలో ఉంటే డబ్బు అక్కడి నుంచే రావాలి, అది ముందు కనుక్కోండి. లేకపోతే అనంతపురం కార్మిక శాఖ కార్యాలయంలో పరిహారం దరఖాస్తు వేయండి. పిల్లవాణ్ని పనిలో పెట్టారన్న ఫిర్యాదు వేరే కాగితంగా ఇవ్వండి. దానికి యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలో, 20,000 నుంచి 50,000 జరిమానానో, లేదా రెండూనో పడొచ్చు. మీకు జైలు భయం లేదు: తల్లిదండ్రులకు మొదటి తప్పుకు శిక్షే లేదు, మళ్లీ చేస్తే 10,000 దాకా జరిమానా.