రెండో ఫ్రేమా, ఫ్రేమ్ 2నా?

సందేహం: మా పిక్సెల్ ఆటలో అవ్వ దీపం వెలిగించే చిన్న దృశ్యం ఉంది. ఆరు ఫ్రేములు. "రెండో ఫ్రేమ్‌లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు" అని రాసిచ్చాను. ప్రోగ్రామ్ రాసినాయన మూడో బొమ్మకు పెట్టారు. రెండో ఫ్రేమ్, ఫ్రేమ్ 2 ఒకటి కావా?

సమాధానం: కావు. 'రెండవ', 'రెండో' అన్నవి వరసను చెప్పే మాటలు. తెలుగులో వరస 'మొదటి'తోనే మొదలవుతుంది. 'సున్నావ', 'సున్నో' అనే మాట మన నోట రాదు. 'ఫ్రేమ్ 2'లో 2 వరస కాదు, ఆ బొమ్మకు పెట్టిన పేరు. ప్రోగ్రాములో పేర్లు సాధారణంగా 0 నుంచి మొదలవుతాయి కాబట్టి ఫ్రేమ్ 2 అంటే మూడో బొమ్మ.

మీ బొమ్మలు ఒక్కొక్కటి 32×32 పిక్సెళ్లనుకుందాం. ఆరింటినీ ఒకే వరసలో పేరిస్తే స్ప్రైట్ షీట్ వెడల్పు 192. ఫ్రేమ్ అంకెను n అనుకుంటే, ప్రతి బొమ్మ ఎడమ అంచు ఇలా వస్తుంది:

```
x = n * 32
```

రెండో బొమ్మ 32 దగ్గర మొదలవుతుంది, ఫ్రేమ్ 2 మాత్రం 64 దగ్గర. తప్పు ఈ మాటలదో, షీట్‌దో తెరమీదే తెలుస్తుంది. బొమ్మ చక్కగా ఉండి వేళ తప్పితే లెక్క ఒక అంకె పక్కకు జరిగిందన్నమాట. అవ్వ చేయి తెగి, పక్క బొమ్మలోని ముక్క అంచున కనిపిస్తే, షీట్‌లో బొమ్మల మధ్య సందు వదిలారన్నమాట. ఒక్క పిక్సెల్ సందున్నా 32 బదులు 33తో హెచ్చవేయాలి.

'వరకు' దగ్గరా జాగ్రత్త. "ఐదో తేదీ వరకు సెలవు" అంటే ఐదో తేదీ కూడా సెలవే. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో చివరి అంకె లెక్కలోకి రాదు. మీరు "ఫ్రేమ్ 6 వరకు" అని రాస్తే, దాన్ని మన 'వరకు'గానే తీసుకున్నవారికి లేని ఏడో బొమ్మ కావలసివస్తుంది. దృశ్యం చివర అవ్వ ఒక్క క్షణం మాయమవుతుంది. "ఫ్రేమ్ 0 నుంచి 5 దాకా, 5తో కలిపి" అనండి.

రంగుల పట్టికకూ ఇదే వర్తిస్తుంది. పాత నింటెండో ఎన్‌ఇఎస్ యంత్రంలో ఒక స్ప్రైట్‌కు నాలుగు గడుల పట్టిక ఉండేది. అందులో 0 ఎప్పుడూ పారదర్శకం, కంటికి కనిపించేవి మూడు రంగులే. ఆ పద్ధతి పాటించేవారికి "మొదటి రంగును ముదురు గోధుమకు మార్చండి" అంటే కొందరు 0ను మారుస్తారు. అక్కడ ఏ రంగు పెట్టినా బొమ్మలో తేడా ఉండదు, అవ్వ చీర అంచు పాత నలుపులోనే ఉండిపోతుంది. "రంగు 1" అంటే ఈ చిక్కు రాదు.

మీ కాగితం మీద ఇలా ఉంటే చాలు: "ఫ్రేమ్ 1: అగ్గిపుల్ల చప్పుడు. ఫ్రేమ్ 3: వత్తి అంటుకుంటుంది. ఫ్రేమ్ 4, ఫ్రేమ్ 5: మంట ఊగుతుంది, ఈ రెండే తిరిగి తిరిగి రావాలి."